దుబాయ్‌లో ఉద్యోగం పోయాక కంపెనీ క్యాంపు రూమ్‌లో ఎన్నాళ్లు ఉండొచ్చు?

ప్రశ్న: అన్నా, నేను దుబాయ్‌ల కన్‌స్ట్రక్షన్ కంపెనీల మేస్త్రీ పని చేస్తున్న. సరిగ్గా ఆరేండ్లయింది. మార్చి 1న కంపెనీ తీసేస్తున్నమని లెటర్ ఇచ్చింది, నెల నోటీస్ అని రాసిండ్రు. కానీ రేపటి నుంచి డ్యూటీకి రావద్దని ఫోర్‌మన్ నోటితో చెప్పిండు. ఇప్పుడు క్యాంప్ బాస్ వచ్చి మూడు రోజులల్ల రూమ్ ఖాళీ చేయమంటుండు. లెక్క ఇంకా ఇయ్యలే. పైసలు ఇచ్చేదాక రూమ్ ఇడిచిపెట్టొద్దని మా రూమ్‌మేట్లు అంటున్నరు. నేను ఎన్నిరోజులు ఉండొచ్చు? బేసిక్ 900, మొత్తం 1300 దిర్హామ్‌లు. 12 రోజుల లీవు మిగిలి ఉన్నది.

సమాధానం:

తమ్మీ, నువ్వు ఏప్రిల్ 30 వరకు కంపెనీ వసతిలో ఉండొచ్చు. మూడు రోజులన్నది క్యాంప్ బాస్ సొంత లెక్క, చట్టంలో అలాంటిది లేదు. కానీ నీ రూమ్‌మేట్లు చెప్పేదీ ఇప్పుడు చెల్లదు. ఈ రెండో మాట నమ్మి ఇబ్బందుల్లో పడ్డవాళ్లే ఎక్కువ కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చాలా కాలం లేబర్ క్యాంపుల అడ్మిన్ పని చూసినవాణ్ణి కాబట్టి కంపెనీ వైపు ఏం నడుస్తుందో కూడా నాకు తెలుసు.

యూఏఈలో ప్రైవేటు కంపెనీలకు ఇప్పుడు వర్తించేది 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం. అది 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. అందులో కార్మికుడి బాధ్యతలు చెప్పే 16వ ఆర్టికల్‌లోనే ఈ రూమ్ సంగతి ఉంది. సర్వీసు ముగిసిన తేదీ నుంచి 30 రోజులు దాటకుండా కంపెనీ ఇచ్చిన వసతి ఖాళీ చేయాలి. ఆ తర్వాత కూడా ఉండాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, ఆ ఖర్చు నువ్వు పెట్టుకోవాలి, లేదా ఇద్దరూ రాతపూర్వకంగా ఏది అనుకుంటే అది.

ఇక్కడ అందరూ పొరబడేది "సర్వీసు ముగిసిన తేదీ" దగ్గర. లెటర్ చేతికిచ్చిన రోజు సర్వీసు ముగియదు. నోటీసు కాలం మొత్తం నీ కాంట్రాక్టు నడుస్తున్నట్టే లెక్క, జీతం కూడా వస్తుంది. మార్చి 1న నెల రోజుల నోటీసు ఇచ్చారు కాబట్టి నీ సర్వీసు మార్చి 31తో ముగుస్తుంది. మార్చి నెలంతా నువ్వు ఇంకా ఆ కంపెనీ మనిషివే. డ్యూటీకి పిలవకపోవడం వాళ్ల ఇష్టం, రూమ్ మాత్రం తీసేయలేరు. వసతికి 30 రోజులు ఏప్రిల్ 1 నుంచి మొదలై ఏప్రిల్ 30తో అయిపోతాయి. ఒకవేళ కంపెనీ నోటీసు కాలానికి డబ్బు ఇచ్చేసి ఆ రోజే సర్వీసు ముగించి ఉంటే, 30 రోజులు ఆ రోజు నుంచే మొదలయ్యేవి. అందుకే లెటర్‌లో "చివరి పని దినం" అని ఏ తేదీ రాశారో ముందు చూసుకో. ఆ తేదీ లేకపోతే హెచ్‌ఆర్‌కు మెసేజ్ పెట్టి అడుగు.

ఇప్పుడు నీ రూమ్‌మేట్లు చెప్పిన మాటకు వద్దాం. వాళ్లేమీ అబద్ధం చెప్పట్లేదు. 1980 నాటి పాత కార్మిక చట్టంలో అలాగే ఉండేది. అప్పుడూ 30 రోజుల్లో ఖాళీ చేయాలన్నారు గానీ, దానికో షరతు పెట్టారు. కంపెనీ టికెట్ ఖర్చు, గ్రాట్యుటీ, మిగతా బాకీలు ఇచ్చి ఉండాలి. ఎంత రావాలనే దాని మీద గొడవ ఉంటే లేబర్ ఆఫీసు వారంలో తేల్చాలి, కంపెనీ ఆ డబ్బు అక్కడ కట్టాలి, ఆ తర్వాతే 30 రోజులు మొదలయ్యేవి. అందుకే "లెక్క ఇచ్చేదాక రూమ్ ఇడవొద్దు" అనే మాట సోనాపూర్ నుంచి ముసఫ్ఫా దాకా ప్రతి క్యాంపులో స్థిరపడిపోయింది. నేను వచ్చిన కొత్తలో సీనియర్లు నాకూ ఇదే చెప్పారు, అప్పటికి అది నిజమే.

కొత్త చట్టంలో ఆ షరతు లేదు. డబ్బు ఇవ్వడం ఒక బాధ్యత, రూమ్ ఖాళీ చేయడం ఇంకో బాధ్యత, రెండిటినీ విడివిడిగా పెట్టారు. 53వ ఆర్టికల్ ప్రకారం కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో కంపెనీ నీ జీతం, గ్రాట్యుటీ, లీవు డబ్బు అంతా ఇవ్వాలి. నీ విషయంలో ఆ గడువు ఏప్రిల్ 14. అది దాటినా ఇవ్వకపోతే కంపెనీ తప్పులో ఉన్నట్టే. అయినా ఏప్రిల్ 30 తర్వాత ఆ తప్పు చూపించి మంచం పట్టుకుని కూర్చునే హక్కు నీకు దానంతట అదే రాదు. నా అభిప్రాయంలో ఇది కార్మికుడికి నష్టమే. చేతిలో ఉన్న ఒక్క పట్టు పోయింది. కానీ చట్టం ఎలా ఉంటే అలా నడుచుకోవాలి.

అయితే ఒకటి గమనించు. ఏప్రిల్ 14కూ ఏప్రిల్ 30కీ మధ్య 16 రోజులున్నాయి. ఆ రోజుల్లో కంపెనీ గడువు దాటి ఉంటుంది, నువ్వు మాత్రం ఇంకా హక్కుగా రూమ్‌లో ఉంటావు. ఫిర్యాదు చేయాలంటే ఇదే మంచి సమయం. క్యాంప్ బాస్‌కు భయపడి మూడు రోజుల్లో రూమ్ వదిలేస్తే ఈ 16 రోజులూ పోతాయి. పైగా డేరాలోనో సత్వాలోనో బెడ్‌స్పేస్‌కు డబ్బు పోసుకుంటూ ఆఫీసుల చుట్టూ తిరగాలి. అలా ఇబ్బంది పడ్డవాళ్లు చివరికి కంపెనీ ఎంత ఇస్తే అంత తీసుకుని సంతకం పెట్టేస్తారు. తొందరగా ఖాళీ చేయమని వెంటపడటంలో కంపెనీల లెక్క చాలాసార్లు ఇదే. క్యాంపు వేరేవాళ్ల దగ్గర అద్దెకు తీసుకుని ఉంటే మంచానికి ఇంత అని కంపెనీకి నెలనెలా ఖర్చు పడుతుంది, అదీ ఒక కారణం.

నీకు రావాల్సింది ఎంతో ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకో. గ్రాట్యుటీ బేసిక్ మీదే కడతారు, మొత్తం జీతం మీద కాదు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపై ప్రతి ఏడాదికి 30 రోజులు. నీకు ఐదేళ్లకు 105 రోజులు, ఆరో ఏడాదికి 30 రోజులు, కలిపి 135 రోజులు. నీ బేసిక్ 900 కాబట్టి రోజుకు 30 దిర్హామ్‌లు. 135ని 30తో గుణిస్తే 4,050. మిగిలిన 12 రోజుల లీవుకు బేసిక్ లెక్కన 360. మార్చి జీతం 1,300. అన్నీ కలిపితే 5,710 దిర్హామ్‌లు. నోటీసు నెల కూడా సర్వీసులోకే వస్తుంది. ఆరేళ్లు మార్చి 1 నాటికే నిండి ఉంటే ఆ నెలకు గ్రాట్యుటీ, లీవు ఇంకొంచెం కలుస్తాయి, జాయినింగ్ తేదీ చూసి సరిచేసుకో. దీనికి తోడు ఇండియా టికెట్. నువ్వు ఇక్కడే ఇంకో కంపెనీలో చేరితేనో, నీ తప్పు వల్ల ఉద్యోగం పోతేనో తప్ప తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీదే. క్రమశిక్షణ కింద తీసేశాం, గ్రాట్యుటీ రాదు అని ఎవరైనా అంటే అది కూడా పాత చట్టం మాటే. కొత్త దాంట్లో ఆ కారణంతో గ్రాట్యుటీ ఎగ్గొట్టడం లేదు.

రూమ్ కన్నా ముందు నాకు టెన్షన్ పెట్టిన విషయం నీ ప్రశ్నలో ఇంకోటి ఉంది. ఫోర్‌మన్ డ్యూటీకి రావద్దని నోటితో చెప్పాడన్నావు. నోటితో చెప్పిన దానికి సాక్ష్యం ఉండదు. ఎక్కడున్నాడో తెలియకుండా వరుసగా ఏడు రోజులకు మించి డ్యూటీకి రాలేదని కంపెనీ యూఏఈ కార్మిక మంత్రిత్వ శాఖ అయిన MOHREలో రిపోర్టు పెట్టొచ్చు. మన వాళ్లు "ఖల్లివెల్లి పెట్టిండ్రు" అనేది దీన్నే. అది నిలబడితే ఏడాది పాటు కొత్త వర్క్ పర్మిట్ రాదు. ఇప్పుడు రెండూ కలిపి చూడు. డ్యూటీకి రావద్దన్నారు కాబట్టి నువ్వు వెళ్లవు. రూమ్ ఖాళీ చేయమన్నారు కాబట్టి ఫ్రెండ్ రూమ్‌కు పోతావు. వారం తర్వాత కాగితం మీద చూస్తే నువ్వు డ్యూటీలోనూ లేవు, క్యాంపులోనూ లేవు. నిజాయితీగా చెప్పిన మాట విన్నందుకే పారిపోయినవాడివి అవుతావు.

అందుకే ఈ రోజే హెచ్‌ఆర్‌కు, వీలైతే ఈమెయిల్‌లో, లేకపోతే వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపు. నీ పేరు, ఎంప్లాయీ నంబరు రాసి, ఫలానా తేదీన ఫలానా ఫోర్‌మన్ డ్యూటీకి రావద్దన్నాడు, నేను పనికి సిద్ధంగానే ఉన్నాను, ఫలానా క్యాంపులో ఫలానా రూమ్ నంబరులో ఉంటున్నాను, నా ఫోన్ నంబరు ఇది అని రాయి. నాలుగు వాక్యాలు చాలు. ఇంగ్లిష్‌లో రాయడం రాకపోతే క్యాంపులో చదువుకున్న కుర్రాడెవరితోనైనా రాయించుకో. వాళ్లు జవాబు ఇవ్వకపోయినా నీ మెసేజ్, దాని తేదీ ఉంటాయి. ఫోన్ పోయినా దొరికేలా స్క్రీన్‌షాట్ ఇంటికి కూడా పంపించు.

క్యాంప్ బాస్ మళ్లీ వస్తే గొడవ పెట్టుకోకు. రూమ్ ఖాళీ చేయమని కంపెనీ లెటర్ హెడ్ మీద తేదీ వేసి ఇవ్వమను. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే మూడు రోజులని రాసి సంతకం పెట్టడానికి ఏ హెచ్‌ఆర్ మేనేజరూ ఇష్టపడడు. వేరే రూమ్‌లోకో వేరే క్యాంపులోకో మారమంటే మాత్రం నేనైతే మారిపొమ్మనే చెప్తాను. చట్టం కంపెనీ వసతి గురించి చెప్తుంది గానీ, నీ మంచం, నీ కిటికీ గురించి కాదు. కాకపోతే కొత్త చోటు ఏదో మెసేజ్‌లో రాయించుకున్నాకే సామాను ఎత్తు. మెస్ ఆపేస్తే అది వేరే విషయం. తిండి పెట్టాలని నీ కాంట్రాక్టులో ఉందో లేదో చూసుకోవాలి.

తాళం మార్చేసినా, సామాను వరండాలో పడేసినా తాళం పగలగొట్టొద్దు. ఫోటోలు, వీడియో తీసుకుని వెంటనే మంత్రిత్వ శాఖ లేబర్ క్లెయిమ్స్ నంబరు 80084కు కాల్ చెయ్. కొట్టడం, బెదిరించడం దాకా వస్తే 999. అంత అర్జెంటు కాని పోలీసు సహాయానికి దుబాయ్‌లో 901. మన కాన్సులేట్‌కు చెందిన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342. వాళ్లు కంపెనీతో మాట్లాడగలరు, దారి చూపగలరు. అయితే నీ డబ్బు ఇప్పించే అధికారం మంత్రిత్వ శాఖకూ కోర్టుకే ఉంది కాబట్టి కాన్సులేట్‌లో చెప్పాం కదా అని ఫిర్యాదు ఆపొద్దు.

ఫిర్యాదు MOHRE యాప్‌లోనూ పెట్టొచ్చు, 80084కు ఫోన్ చేసి కూడా పెట్టొచ్చు. ఇప్పుడే రూమ్ ఖాళీ చేయమని బలవంతం చేస్తే దాని మీద ఇప్పుడే పెట్టు. డబ్బు కోసం అయితే ఏప్రిల్ 14 దాటగానే, 15నే పెట్టెయ్. రెండు పక్షాలను పిలిచి 14 రోజుల్లో రాజీ కుదర్చడానికి చూస్తారు. 15న పెడితే ఆ 14 రోజులు దాదాపు ఏప్రిల్ 29 దాకా వస్తాయి, అంటే నువ్వు రూమ్‌లో ఉండగానే అయిపోతాయి. 50,000 దిర్హామ్‌ల లోపు క్లెయిమ్ అయితే రాజీ కుదరకపోయినా మంత్రిత్వ శాఖే తీర్పు ఇవ్వగలదు. నీది 5,710 కాబట్టి దానికిందికే వస్తుంది. కోర్టుకు వెళ్లాల్సి వచ్చినా లక్ష దిర్హామ్‌ల లోపు క్లెయిమ్‌కు కార్మికుడు ఫీజు కట్టక్కర్లేదు.

ఫిర్యాదులో డబ్బు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. రూమ్ మాట కూడా రాయి. ఫిర్యాదు పెట్టినంత మాత్రాన 30 రోజులు పొడిగిపోవు. కానీ రాజీ కూర్చోబెట్టినప్పుడు "డబ్బు చేతికి వచ్చి టికెట్ ఇచ్చేదాకా వసతి కంపెనీదే" అని ఒక్క ముక్క రాయించుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉంటే ఉండొచ్చని చెప్పే 16వ ఆర్టికల్ నీకు పనికొస్తుంది. పాత చట్టం దానంతట అదే ఇచ్చిన రక్షణను ఇప్పుడు నువ్వు అడిగి రాయించుకోవాలి. కంపెనీలు దీనికి ఒప్పుకోవడం నేను చూశాను. వాళ్లకూ ఫైలు త్వరగా మూసేయాలనే ఉంటుంది.

ఇంకో గందరగోళం వీసా గ్రేస్ పీరియడ్‌తో వస్తుంది. వీసా క్యాన్సిల్ అయ్యాక దేశంలో ఉండటానికి ఇచ్చే రోజులు వేరు, రూమ్‌లో ఉండటానికి ఇచ్చే రోజులు వేరు. క్యాన్సిలేషన్ పేపర్ మీద ఏ తేదీలోపు వెళ్లాలో ఉంటుంది, అది దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల ఫైన్. ఆ తేదీ జూన్‌లో ఉందనుకో, జూన్ దాకా కంపెనీ రూమ్ ఇవ్వాలని కాదు. అలాగే వీసా ఇంకా క్యాన్సిల్ చేయలేదు కాబట్టి రూమ్ గడువు మొదలే కాలేదనీ కాదు. రూమ్ గడువు సర్వీసు ముగిసిన తేదీని బట్టే నడుస్తుంది.

క్యాన్సిలేషన్ సంతకం దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. పీఆర్వో తెచ్చే కాగితంలో నా బాకీలన్నీ ముట్టాయి అని ఉంటుంది. అరబిక్, ఇంగ్లిష్ రెండూ ఉంటాయి కాబట్టి చదవకుండానే చాలామంది పెట్టేస్తారు. సంతకం పెడితేనే రూమ్‌లో ఉండనిస్తాం అనో, సంతకం పెట్టు, డబ్బు ఎయిర్‌పోర్టులో ఇస్తాం అనో అంటారు. డబ్బు నీ అకౌంట్‌లో పడ్డాకే సంతకం. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంటే అది కూడా అడుగు. దాన్ని పట్టుకుని ఉంచడం, పని అయిపోయిందని దేశం విడిచి పొమ్మని బలవంతం చేయడం రెండూ 14వ ఆర్టికల్ కింద నిషేధం. పొరపాటున ఊరికి వెళ్లిపోయినా హక్కు పోదు. 2024లో చేసిన సవరణ ప్రకారం సర్వీసు ముగిసిన తేదీ నుంచి రెండేళ్లలోపు క్లెయిమ్ వేయొచ్చు. కాకపోతే జగిత్యాలలో కూర్చుని దుబాయ్‌లో కేసు నడపడం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు.

రూమ్ అప్పగించే రోజు ఒక పని తప్పకుండా చెయ్యి. క్యాంపుల్లో క్లియరెన్స్ ఫారం ఉంటుంది. మంచం, పరుపు, లాకర్ తాళం, గేట్ కార్డు అని వరుసగా గళ్లు ఉంటాయి, ఒక్కో గడి ఎదురుగా క్యాంప్ బాస్ టిక్ పెట్టి కింద సంతకం చేస్తాడు. తేదీ గడి మాత్రం ఎక్కువగా ఖాళీగా వదిలేస్తారు. ఆ తేదీ వేయించి ఫోటో తీసుకో. అది లేకపోతే తర్వాత లాకర్ పోయిందని డబ్బు కోసేయొచ్చు, లేదా వీడు మార్చి 4నే వెళ్లిపోయాడని రాసేయొచ్చు. క్లియరెన్స్ ఫారం మీద సంతకం అంటే వస్తువులు అప్పగించావని మాత్రమే, డబ్బు ముట్టిందని కాదు. రెండూ ఒకే కాగితంలో పెట్టి తెస్తే డబ్బు వాక్యం కొట్టేసి సంతకం పెట్టు, లేదా వేరే కాగితం అడుగు.

కంపెనీ ఫ్లాట్‌లో కుటుంబంతో ఉండే ఆఫీసు ఉద్యోగులు కూడా దీన్ని చదువుతుంటారు కాబట్టి ఒక మాట. వాళ్లకూ ఇదే 30 రోజులు. పిల్లల స్కూలు టర్మ్ మధ్యలో పడిందంటే గడువు ముగిసేలోపే ఎంత అద్దె, ఎన్నాళ్లు అని ఈమెయిల్‌లో ఒప్పుకోలు తీసుకోండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, ఇంటి డ్రైవర్లకు వేరే చట్టం ఉంది. డీఐఎఫ్‌సీ, ఏడీజీఎం ఫ్రీజోన్లకు సొంత ఉద్యోగ చట్టాలున్నాయి. సౌదీ, ఖతర్, కువైట్‌లో ఉన్నవాళ్లు ఈ తేదీల లెక్కను అక్కడ వాడొద్దు.

తమ్మీ, నువ్వు ముందు ఆ మెసేజ్ పంపు. హెచ్‌ఆర్ ఏం జవాబిచ్చిందో, లెటర్‌లో చివరి పని దినం ఏ తేదీ ఉందో ఇక్కడే రాయి. కంపెనీ పేరు, నీ నంబరు మాత్రం రాయకు. తేదీ వేరే ఉంటే ఏప్రిల్ 14, ఏప్రిల్ 30 రెండూ మారతాయి, లెక్క మళ్లీ వేసి చెప్తాను.